దొరకని బిల్లును ‘దొరికింది’ అనే VLOOKUP: XLOOKUP ఎందుకు మేలు?

ప్రతి నెలా 14వ తేదీ దాటగానే దేశమంతటా చిన్న వ్యాపారాల లెక్కలు చూసేవాళ్లు ఒకే పని మొదలుపెడతారు. జీఎస్‌టీ పోర్టల్ నుంచి జీఎస్‌టీఆర్-2బి ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుని, తమ కొనుగోలు రిజిస్టర్ పక్కన పెట్టుకుంటారు. సరుకు కొన్నప్పుడు బిల్లు మీద మనం కట్టిన పన్నును అమ్మినవాళ్లు తమ రిటర్నులో చూపించారా లేదా అని ఒక్కో బిల్లూ సరిచూస్తారు. వాళ్లు చూపించకపోతే, ఆ పన్నును ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా మనం తగ్గించుకోవడానికి వీల్లేదు. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది.

బిల్లులు పది ఉంటే కళ్లతోనే చూసేయొచ్చు. వెయ్యి ఉంటే ఎక్సెల్‌లో ఒక ఫార్ములా రాసి కిందికి లాగుతారు. చాలా ఆఫీసుల్లో ఆ ఫార్ములా VLOOKUP. 1985లో మెకింటాష్ కోసం వచ్చిన మొట్టమొదటి ఎక్సెల్‌లోనే ఇది ఉంది. SUM, AVERAGE తర్వాత జనం ఎక్కువగా వాడేది ఇదేనని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అదే మైక్రోసాఫ్ట్ 2019 ఆగస్టులో దీని స్థానంలో వాడుకోవడానికి XLOOKUPను ప్రకటించింది.

అంతగా అలవాటైన పనిముట్టును ఎందుకు మార్చాలి? ఎడమవైపు కాలమ్‌లోంచి కూడా విలువ తేగలదని, దొరకనప్పుడు ఏం చూపించాలో మనమే చెప్పొచ్చని చాలామంది అంటారు. రెండూ నిజమే. కానీ అసలు కారణం వీటి వెనక ఉంది. వెతికింది దొరకనప్పుడు ఫార్ములా ఏం చేస్తుందన్నదే ప్రశ్న. #N/A అనే ఎర్రర్ కనబడితే మనం ఆగి చూస్తాం. ఎర్రర్ బదులు పక్క బిల్లు అంకె వచ్చి కూర్చుంటే ఎవరూ ఆగరు.

నాలుగు బిల్లుల లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణం ఉందనుకుందాం. ఏప్రిల్ నెల 2బి ఫైల్‌లో నాలుగు వరుసలే ఉన్నాయి. అసలు ఫైల్‌లో కాలమ్‌లు చాలా ఉంటాయి. మనకు కావాల్సినవి మాత్రమే ఇక్కడ ఉంచాను. 15 అక్షరాల జీఎస్‌టీఐఎన్‌ను కూడా చోటు కోసం నాలుగు అక్షరాలకు కుదించాను. మొదటి రెండు అంకెలూ రాష్ట్ర కోడ్: 37 అంటే ఆంధ్రప్రదేశ్, 36 అంటే తెలంగాణ.

ఈ షీట్ పేరు `2B`:

| A: జీఎస్‌టీఐఎన్ | B: సరఫరాదారు | C: బిల్లు నంబర్ | D: తేదీ | E: పన్ను |
|---|---|---|---|---|
| 37AP | పైపుల డీలర్ | 1012 | 4 ఏప్రిల్ | 9,000 |
| 37BC | సిమెంట్ ఏజెన్సీ | 1015 | 9 ఏప్రిల్ | 14,000 |
| 36DK | రంగుల డీలర్ | 1019 | 16 ఏప్రిల్ | 5,400 |
| 37EM | కరెంటు సామాన్ల డీలర్ | 1027 | 22 ఏప్రిల్ | 7,200 |

దుకాణం సొంత రిజిస్టర్ మరో షీట్‌లో ఉంది:

| A: బిల్లు నంబర్ | B: జీఎస్‌టీఐఎన్ | C: బిల్లు మీది పన్ను |
|---|---|---|
| 1012 | 37AP | 9,000 |
| 1015 | 37BC | 14,000 |
| 1018 | 37TL | 12,600 |
| 1027 | 37EM | 7,200 |

రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం వెంటనే తెలుస్తుంది. 1018 నంబరు బిల్లు 2బిలో లేదు. టైల్స్ అమ్మిన ఆ వ్యాపారి ఇంకా రిటర్ను వేయలేదన్నమాట. అంటే రిజిస్టర్ మొత్తం 42,800 రూపాయల్లో ఈ నెల 2బిలో కనిపిస్తున్నది 30,200 రూపాయలే. మిగతా 12,600 కోసం టైల్స్ వ్యాపారికి ఫోన్ చేయాలి.

ఇప్పుడు ఇదే పని రిజిస్టర్ షీట్ D కాలమ్‌లో VLOOKUPతో చేద్దాం.

```
=VLOOKUP(A2,'2B'!$C$2:$E$5,3)
```

A2లో ఉన్న నంబర్‌ను C నుంచి E వరకున్న పట్టికలోని మొదటి కాలమ్‌లో వెతికి, అక్కడి నుంచి లెక్కిస్తే మూడో కాలమ్‌లో ఉన్న విలువ తెమ్మని దీని అర్థం. కిందికి లాగితే నాలుగు వరుసల్లోనూ అంకెలు వస్తాయి: 9,000, 14,000, 14,000, 7,200. ఎర్రర్ ఎక్కడా లేదు. మొత్తం 44,200.

మూడో వరుస చూడండి. 2బిలో లేని 1018కి 14,000 రూపాయలు వచ్చాయి. అది సిమెంట్ బిల్లు పన్ను. ఫార్ములా ఒకే డబ్బును రెండుసార్లు లెక్కపెట్టింది. ఉన్న క్రెడిట్ కన్నా 14,000 ఎక్కువ చూపించింది. ఈ అంకెను నమ్మి క్రెడిట్ తీసుకుని వాడుకుంటే, తర్వాత ఆ మొత్తాన్ని వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది. టైల్స్ వ్యాపారికి ఫోన్ చేయాలన్న సంగతి ఎవరికీ తట్టదు.

పొరపాటు ఎక్కడ జరిగింది?

VLOOKUPకి నాలుగో భాగం ఒకటి ఉంది. అక్కడ FALSE అని రాస్తే, అచ్చంగా అదే విలువ దొరికితేనే జవాబిస్తుంది. TRUE అని రాస్తే దగ్గరి విలువతో సరిపెట్టుకుంటుంది. ఏమీ రాయకపోతే TRUE అనే అనుకుంటుంది. తిప్పలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

‘దగ్గరి విలువ’ అంటే, వెతుకుతున్న అంకెను మించకుండా ఉన్నవాటిలో అతి పెద్దది. 1018 లేదు కాబట్టి 1015 దగ్గర ఆగి, దాని పన్ను తెచ్చి పెట్టింది. కొన్ని పనులకు ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. కొరియర్ ఛార్జీలు 0, 500, 1000 గ్రాముల స్లాబుల్లో ఉంటే, 740 గ్రాముల పార్శిల్‌కి 500 దగ్గరి రేటే కావాలి. కానీ బిల్లు నంబర్లు, ఉద్యోగి నంబర్లు, ఆధార్, రోల్ నంబర్లు స్లాబులు కావు. వాటి విషయంలో ‘దగ్గర’ అన్నమాటకు అర్థమే లేదు. 1018కి 1015 చుట్టం కాదు.

పైగా ఈ పద్ధతి పనిచేయాలంటే మొదటి కాలమ్ చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా ఉండాలి. లేకపోతే పట్టికలో ఉన్న బిల్లుకు కూడా వేరొకదాని విలువ రావచ్చు, లేదా #N/A రావచ్చు. మన ఉదాహరణలో నంబర్లు వరుసలోనే ఉన్నాయి కాబట్టి తప్పు ఒకటే జరిగింది. నిజమైన 2బి ఫైల్‌లో బిల్లులు అలా వరుసగా ఉండవు.

XLOOKUP ఈ అలవాటును తిరగేసింది.

```
=XLOOKUP(A2,'2B'!$C$2:$C$5,'2B'!$E$2:$E$5)
```

మొదట ఏం వెతకాలి, తర్వాత ఎక్కడ వెతకాలి, ఆ తర్వాత ఎక్కడి నుంచి తేవాలి. ఈ మూడే రాస్తే చాలు. ఇంకేమీ చెప్పకపోతే అచ్చంగా అదే విలువ కోసం వెతుకుతుంది. 1018 వరుసలో #N/A వస్తుంది. దగ్గరి విలువ కావాలంటే ఐదో భాగంలో -1 అని ప్రత్యేకంగా రాయాలి. VLOOKUPలో ఒక్క మాట మర్చిపోతే తప్పు జవాబు వస్తుంది. XLOOKUPలో తప్పు జవాబు రావాలంటే కావాలని అడగాలి.

ఎడమవైపు కాలమ్ ఎందుకు కావాలి?

పన్ను సరిపోయినంత మాత్రాన పని అయిపోలేదు. బిల్లు నంబర్లు ఎవరికి వాళ్లు వేసుకునేవి. పైపుల డీలర్ దగ్గర 1012 ఉన్నట్టే ఇంకో డీలర్ దగ్గర కూడా 1012 ఉండొచ్చు. అందుకే 2బిలో దొరికిన బిల్లు మనకు సరుకు అమ్మినవాళ్లదేనా అని చూడాలి. అంటే నంబర్‌కు ఎదురుగా ఉన్న జీఎస్‌టీఐఎన్‌ను తెచ్చి, రిజిస్టర్‌లో కాగితం బిల్లు చూసి రాసుకున్న జీఎస్‌టీఐఎన్ పక్కన పెట్టాలి.

ఇక్కడ VLOOKUP చేతులెత్తేస్తుంది. బిల్లు నంబర్ C కాలమ్‌లో ఉంది, జీఎస్‌టీఐఎన్ A కాలమ్‌లో ఉంది. VLOOKUP పట్టికలోని మొదటి కాలమ్‌లోనే వెతుకుతుంది, అక్కడి నుంచి కుడివైపే లెక్కపెడుతుంది. ఎడమకు వెళ్లమని -2 రాస్తే #VALUE! అంటుంది.

అందుకని చాలామంది ఒక అడ్డదారి తొక్కుతారు. A కాలమ్‌ను కాపీ చేసి పట్టికకు కుడి చివర అతికిస్తారు. ఆ రోజుకు పని జరిగిపోతుంది. వారం తర్వాత ఎవరో 2బి షీట్‌లో కొత్త వరుసలు చేర్చి, కాపీ కాలమ్‌లో చేర్చడం మర్చిపోతారు. లేదా అసలు పట్టికను మాత్రం సార్ట్ చేసి కాపీని వదిలేస్తారు. అప్పుడు కొన్ని నంబర్లకు ఇంకొకరి జీఎస్‌టీఐఎన్ రావచ్చు. ఎర్రర్ ఏదీ రాదు కాబట్టి అది కూడా కంటికి ఆనదు.

తెలిసినవాళ్లు INDEX, MATCH అనే రెండు ఫార్ములాలను కలిపి ఎడమవైపు విలువను తెచ్చేవారు. అది ఇప్పటికీ మంచి పద్ధతే. XLOOKUP ఆ రెంటి పనినీ ఒక్క ఫార్ములాలో చేస్తుంది. వెతికే కాలమ్, తెచ్చే కాలమ్ రెండూ విడివిడిగా ఇస్తాం కాబట్టి ఏది ఎడమ, ఏది కుడి అన్న ప్రశ్నే ఉండదు.

```
=XLOOKUP(A2,'2B'!$C$2:$C$5,'2B'!$A$2:$A$5)
```

దీన్ని రిజిస్టర్ షీట్ E కాలమ్‌లో పెట్టి, B కాలమ్‌తో పోల్చి చూడటమే.

కాలమ్‌ను ఇలా నేరుగా చూపించడం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. VLOOKUPలో మనం రాసిన 3 కేవలం ఒక అంకె. 2బి షీట్‌లో తేదీకి, పన్నుకి మధ్య బిల్లు మొత్తం విలువ కోసం ఎవరైనా ఒక కాలమ్ చేర్చారనుకోండి. ఫార్ములాలోని పట్టిక ఒక కాలమ్ పెరుగుతుంది కానీ 3 మాత్రం 3గానే ఉంటుంది. ఇప్పుడు మూడో కాలమ్‌లో ఉన్నది పన్ను కాదు, బిల్లు విలువ. పైపుల బిల్లు 18 శాతం పన్నుతో కలిపి 59,000 అయితే, 9,000 ఉండాల్సిన చోట 59,000 కనబడుతుంది. XLOOKUPలో అయితే పన్ను కాలమ్ E నుంచి Fకి జరిగితే ఫార్ములాలోని చిరునామా కూడా దానంతటదే Fకి మారుతుంది.

అయితే ఒక జాగ్రత్త ఉంది. వెతికే పరిధి, తెచ్చే పరిధి ఒకే వరుసలో మొదలవ్వాలి. ఒకటి C2:C5, ఇంకొకటి E2:E6 అయితే పొడవులు కలవవు కాబట్టి #VALUE! వస్తుంది, మనకు తెలిసిపోతుంది. కానీ C2:C5కి ఎదురుగా E3:E6 రాస్తే పొడవు సరిపోతుంది. అప్పుడు ప్రతి బిల్లుకూ దాని కింది వరుస పన్ను వస్తుంది. VLOOKUPలో రాని పొరపాటు ఇది. ఫార్ములా రాశాక మొదటి, చివరి వరుసల జవాబులను కళ్లతో ఒకసారి చూసుకుంటే ఇది పట్టుబడుతుంది.

దొరకనప్పుడు ఏం రాయాలి?

XLOOKUPలో నాలుగో భాగం దొరకని సందర్భం కోసమే ఉంది.

```
=XLOOKUP(A2,'2B'!$C$2:$C$5,'2B'!$E$2:$E$5,"2బిలో లేదు")
```

ఇప్పుడు 1018 ఎదురుగా #N/A బదులు ‘2బిలో లేదు’ అని కనబడుతుంది. ఫైల్ చేతికి వచ్చిన యజమానికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఈ మాట VLOOKUPతో కూడా రాయించొచ్చు. దాని చుట్టూ IFERROR తగిలించి చాలామంది అదే చేస్తారు. కానీ IFERROR ఏ ఎర్రర్ వచ్చినా ఒకే మాట చెబుతుంది. ఎవరైనా 2బి షీట్‌ను డిలీట్ చేస్తే రావాల్సింది #REF!. ఫార్ములా పేరు తప్పుగా టైప్ చేస్తే రావాల్సింది #NAME?. IFERROR వీటన్నిటి మీదా ‘2బిలో లేదు’ అనే ముసుగు వేస్తుంది. ఒక్క బిల్లూ దొరకలేదని కంగారుపడి నలుగురు డీలర్లకు ఫోన్లు చేశాక గానీ పాడైంది ఫార్ములా అని తెలియదు. XLOOKUP నాలుగో భాగం అలా కాదు. వెతికిన విలువ నిజంగా లేనప్పుడే అది పలుకుతుంది. మిగతా ఎర్రర్లు ఎర్రర్లుగానే బయటపడతాయి. పాత ఎక్సెల్ వాడేవాళ్లు IFERROR బదులు IFNA వాడితే దాదాపు ఇదే ఫలితం వస్తుంది. అది #N/Aని మాత్రమే పట్టుకుంటుంది.

ఇక ఆ నాలుగో భాగంలో ఏం పెట్టాలన్నది ఆలోచించి తేల్చుకోవాల్సిన విషయం. చాలామంది చేయి ముందు 0 వైపు పోతుంది. కూడికలు, తీసివేతలు అడ్డం లేకుండా జరుగుతాయి కదా అని. కానీ 0 అన్నది కూడా ఒక జవాబే. ‘ఈ బిల్లు 2బిలో ఉంది, దాని మీద పన్ను సున్నా’ అన్నదానికీ, ‘ఈ బిల్లు 2బిలో లేనే లేదు’ అన్నదానికీ తేడా చెరిగిపోతుంది. పైగా బిల్లు దొరికి, పన్ను గడి ఖాళీగా ఉన్నా ఎక్సెల్ 0 అనే చూపిస్తుంది. మూడు వేర్వేరు సంగతులకు ఒకే అంకె అన్నమాట. ఖాళీ కొటేషన్లు పెట్టి గడిని ఖాళీగా వదిలేయడం కూడా మంచిది కాదు. అది పని ఇంకా చేయని వరుసలా కనబడుతుంది.

మాటలు పెడితే కూడిక చెడుతుందన్న భయం అక్కర్లేదు. SUM మాటలను వదిలేసి అంకెలనే కూడుతుంది. మన D కాలమ్ మొత్తం సరిగ్గా 30,200 వస్తుంది. ఎన్ని బిల్లులు దొరకలేదో COUNTIFతో లెక్కపెట్టుకోవచ్చు. తీసివేత మాత్రం ఒప్పుకోదు. C4-D4 అని రాస్తే #VALUE! వస్తుంది. అంకె ఉంటేనే తీసివేయమని చెప్పాలి.

```
=IF(ISNUMBER(D4),C4-D4,D4)
```

నాలుగో భాగంలో మాట బదులు ఇంకో XLOOKUP కూడా పెట్టొచ్చు. మన టైల్స్ వ్యాపారి ఆలస్యంగా రిటర్ను వేస్తే, ఏప్రిల్ బిల్లు మే నెల 2బిలో కనబడుతుంది. అందుకే ఏప్రిల్‌లో లేకపోతే మేలో వెతకమని, అక్కడా లేకపోతేనే లేదని చెప్పమని రాయొచ్చు.

```
=XLOOKUP(A2,'2B'!$C$2:$C$5,'2B'!$E$2:$E$5,
 XLOOKUP(A2,'2B-May'!$C$2:$C$9,'2B-May'!$E$2:$E$9,
 "రెండు నెలల్లోనూ లేదు"))
```

XLOOKUP కూడా మోసపోయే చోటు

మే నెల 2బిలో 1041 అనే నంబరుతో రెండు వరుసలు ఉన్నాయనుకుందాం. పైన ఉన్నది 36GR అనే డీలర్‌ది, పన్ను 2,200. దాని కింద ఉన్నది పైపుల డీలర్ 37APది, పన్ను 9,500. మన రిజిస్టర్‌లో ఉన్న 1041 పైపుల బిల్లు. XLOOKUP పైనుంచి వెతుకుతూ వచ్చి మొదట దొరికినచోటే ఆగిపోతుంది. 2,200 తెచ్చి పెడుతుంది. VLOOKUP అయినా ఇదే చేస్తుంది.

దీన్ని బయటపెట్టేది ఇందాక మనం చేసిన ఎడమవైపు వెతుకులాటే. E కాలమ్‌లోకి 36GR వస్తుంది. పక్కన రిజిస్టర్‌లో 37AP ఉంది. రెండూ కలవలేదంటే నంబరు దొరికింది గానీ బిల్లు దొరకలేదని అర్థం.

దీనికి మందు, నంబరును ఒంటరిగా వెతక్కుండా జీఎస్‌టీఐఎన్‌తో కలిపి వెతకడం. రెంటినీ & గుర్తుతో జోడించి, మధ్యలో ఒక గీత పెడితే చాలు.

```
=XLOOKUP(B2&"|"&A2,
 '2B-May'!$A$2:$A$9&"|"&'2B-May'!$C$2:$C$9,
 '2B-May'!$E$2:$E$9,"2బిలో లేదు")
```

ఇప్పుడు వెతికేది ‘37AP|1041’ కోసం. అది ఒకచోటే ఉంది, 9,500 వస్తుంది. VLOOKUPతో ఇదే చేయాలంటే 2బి షీట్‌లో ఈ జోడింపు కోసం అదనంగా ఒక కాలమ్ తయారు చేసి, దాన్ని పన్ను కాలమ్‌కు ఎడమవైపున పెట్టాలి. ప్రతి నెలా కొత్త ఫైల్ వచ్చినప్పుడల్లా మళ్లీ అదే పని.

ఈ జోడింపుతో అడగకుండానే ఇంకో చిక్కు కూడా తీరుతుంది. ఒక షీట్‌లో 1012 అంకెగా, ఇంకో షీట్‌లో అదే 1012 అక్షరాలుగా ఉంటే కళ్లకు రెండూ ఒకటే, ఎక్సెల్‌కు మాత్రం వేర్వేరు. రెండు ఫార్ములాలూ దొరకలేదనే అంటాయి. గడిలో అంకె సాధారణంగా కుడివైపు, అక్షరాలు ఎడమవైపు ఒదిగి ఉండటాన్ని బట్టి దీన్ని గుర్తుపట్టొచ్చు. &తో జోడించగానే రెండువైపులా అక్షరాలుగా మారిపోతాయి కాబట్టి తేడా పోతుంది.

నంబరు చివర కంటికి కనబడని ఖాళీ ఉంటే మాత్రం జోడింపు కూడా ఏమీ చేయలేదు. ఆ కాలమ్‌ను TRIMతో శుభ్రం చేసుకోవాలి. కాగితం బిల్లు మీద 0045 అని ఉండి, మనం టైప్ చేసినప్పుడు ఎక్సెల్ ముందున్న సున్నాలు తీసేసి 45 చేసినా అంతే. మన ఫార్ములా ‘2బిలో లేదు’ అన్నదానికి పూర్తి అర్థం ‘ఈ రూపంలో లేదు’ అని. డీలర్‌కు ఫోన్ చేసే ముందు అదే జీఎస్‌టీఐఎన్‌తో, అదే మొత్తంతో 2బిలో వేరే రాతలో బిల్లు ఉందేమో ఒకసారి చూడటం మర్యాద.

ఎవరి దగ్గర పనిచేస్తుంది?

మైక్రోసాఫ్ట్ 365లో, ఎక్సెల్ 2021లో, ఆ తర్వాతి వెర్షన్లలో XLOOKUP ఉంది. గూగుల్ షీట్స్‌లోకి 2022లో వచ్చింది. డబ్బు కట్టనక్కర్లేని లిబ్రే ఆఫీస్‌లోకి 2024లో, 24.8 వెర్షన్‌తో చేరింది. ఎక్సెల్ 2016లో, 2019లో లేదు.

పాత వెర్షన్‌లో ఇలాంటి ఫైల్ తెరిస్తే మొదట ఏ తేడా కనబడదు. చివరిసారి లెక్కించిన అంకెలే కనబడుతుంటాయి. ఫార్ములా ముందు మాత్రం `_xlfn.` అని చేరి ఉంటుంది. ఆ గడిని కదిలించి మళ్లీ లెక్కించేలా చేస్తే #NAME? వస్తుంది. అందుకే ఫైల్ వెళ్లేది పాత ఎక్సెల్ ఉన్న ఆడిటర్ దగ్గరికో, ఆఫీసుకో అయితే INDEX, MATCH వాడటం మేలు. VLOOKUPతోనే సరిపెట్టుకోవాల్సి వస్తే చివర FALSE తప్పనిసరి.

పాత ఫైళ్లన్నీ కూర్చుని తిరగరాయక్కర్లేదు. కానీ వేరేవాళ్లు రాసిన VLOOKUP ఉన్న ఫైల్ మీ చేతికి వస్తే, దాని మొత్తాన్ని నమ్మేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఫైల్ కాపీలో ఏదో ఒక బిల్లు నంబర్ గడిలో 999999 లాంటి, ఎక్కడా ఉండదని మీకు కచ్చితంగా తెలిసిన నంబర్ టైప్ చేయండి. #N/A గానీ, ‘లేదు’ అన్నమాట గానీ వస్తే సరే. మన మొదటి VLOOKUPకి ఈ నంబర్ ఇస్తే 7,200 అంటుంది. పట్టిక చివర ఉన్న కరెంటు సామాన్ల బిల్లు పన్ను అది. లేని బిల్లుకు కూడా పన్ను చెప్పే షీట్‌లో ఇంతకుముందు చెప్పిన అంకెల్లో ఎన్ని నిజమో ఒక్కో వరుసా చూసుకోవాల్సిందే.